9 వేల తేడా దేనికి? పెళ్లి మేకప్ రేట్ల గురించి మా కస్టమర్లకు

“అక్కా, మా ఊళ్ళోనే 12 వేలకి హెచ్‌డీ బ్రైడల్ మేకప్ చేస్తామంటున్నారు. వాడేవి కూడా మీ బ్రాండ్లేనట. మీరేమో 21 వేలు అంటున్నారు. తేడా 9 వేలు దేనికి?”

ఈ సీజన్ మొదలైనప్పటి నుంచి వాట్సాప్‌లో ఇదే ప్రశ్న రకరకాలుగా వస్తోంది. మొదటగా చెప్పాల్సింది ఏమిటంటే, ఆ 9 వేలు బ్రాండ్లకి కాదు. బ్రాండ్లు నిజంగానే ఒకటే అయ్యుండొచ్చు. తేడా అంతా ట్రయల్, పూలజడ, మండపంలో నిలబడే గంటలు అనే మూడింటిలో ఉంది. అందులోనూ గంటలదే పెద్ద వాటా. అందుకే ఇకనుంచి మా రేటు కాగితం మీద దేనికెంతో విడివిడిగా రాసి ఇస్తున్నాం. ఎలా రాస్తున్నామో, ఎందుకు రాస్తున్నామో చెప్తాను. చదివాక ఆ 12 వేల ప్యాకేజీయే మీకు సరిపోతుందనిపిస్తే హాయిగా అక్కడికే వెళ్ళండి. కొందరికి నేనే అలా చెప్పాను కూడా.

ముందు సరుకు సంగతి. కస్టమర్లు ఎక్కువగా అడిగేది దీని గురించే, కానీ డబ్బు తక్కువగా ఖర్చయ్యేదీ ఇక్కడే. ఫౌండేషన్ సీసా సాధారణంగా 30 ఎంఎల్ ఉంటుంది. ముఖానికి, మెడకి కలిపి రెండు ఎంఎల్ దాటదు. సీసా ధర నాలుగు వేలు అనుకున్నా ఒక పెళ్లికూతురి మీద పడేది 250, 300 రూపాయలు. ప్రైమర్, కన్సీలర్, పౌడర్, అతికించే కనురెప్పలు, లిప్‌స్టిక్, సెట్టింగ్ స్ప్రే, ఒకసారి వాడి పారేసే బ్రష్షులు అన్నీ కలిపితే నా లెక్కలో ఒక పెళ్లికూతురికి సుమారు 1,800 రూపాయలవుతుంది. చవక రకం వాడితే ఇది 700, 800కి దిగుతుంది. అంటే మ్యాక్, హుడా బ్యూటీ, ఎస్టీ లాడర్ అని పోస్టర్ మీద రాయడం వల్ల ప్యాకేజీ పదివేలు పెరగడానికి కారణం లేదు. అలా పెంచి చెప్తే అది పేరుకి పెట్టిన ధర, సరుకు ధర కాదు.

హెచ్‌డీ అన్న మాట కూడా అంతే. దానికి ప్రభుత్వ సర్టిఫికెట్టో, ఒక కొలతో ఏమీ లేవు. బాగా మెత్తగా ఉండి, కెమెరాలో పొరలా కనబడని రకం సరుకుని చేత్తో, స్పాంజితో వేస్తే హెచ్‌డీ అంటారు. ఎయిర్‌బ్రష్ అంటే చిన్న కంప్రెసర్‌తో ఫౌండేషన్‌ని తుంపరలా చల్లడం. పొర పల్చగా, తేలిగ్గా ఉంటుంది, చెమటకి బాగా తట్టుకుంటుంది. కానీ మొటిమల గుంటలు, గరుకు చర్మం ఉంటే ఆ పల్చటి పొర వాటిని కప్పలేదు. పైగా అప్పగింతల్లో ఏడిస్తే చెంప మీద చార పడుతుంది, దాన్ని చేత్తో సరిచేయడం కష్టం. వైజాగ్ నుంచి 45 వేలకి ఎయిర్‌బ్రష్ కొటేషన్ తెచ్చిన ఒక అమ్మాయికి చర్మం చూసి వద్దనే చెప్పాను. ఆ డబ్బు ఆ చర్మానికి పనికొచ్చేది కాదు.

సరుకులో బ్రాండ్ పేరు కన్నా చూడాల్సింది సీసా. మొహమాటపడకుండా కిట్ తెరిచి చూపించమనండి. విదేశీ సరుకైతే డబ్బా మీద దిగుమతి చేసినవాళ్ళ పేరు, చిరునామా, మన దేశంలో తీసుకున్న రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. అవి లేకపోతే దొంగదారిన వచ్చిందో, నకిలీదో అనుకోవచ్చు. వెనకవైపు మూత తెరిచిన డబ్బా బొమ్మ చిన్నగా ఉండి, అందులో 6M, 12M అని ఉంటుంది. తెరిచాక అన్ని నెలలే వాడాలని దాని అర్థం. మా దగ్గర ప్రతి సీసా మీద తెరిచిన తేదీ స్టిక్కర్ ఉంటుంది. మస్కారా అయితే మూడు నెలలు దాటనివ్వం. అందరి లిప్‌స్టిక్‌లూ కలిపి ఒకే పాలెట్‌లో నింపి పెట్టుకున్నవాళ్ళని మాత్రం, అది ఏ కంపెనీదో, ఎప్పటిదో అడిగి ప్రయోజనం లేదు. వాళ్ళకీ గుర్తుండదు.

ట్రయల్ విషయానికొస్తే, నా ఉద్దేశంలో పెళ్లి మేకప్‌లో కస్టమర్ కళ్ళారా చూసి కొనుక్కునే భాగం ఇదొక్కటే. “ట్రయల్ ఫ్రీ” అని చాలామంది పెడతారు. వెళ్తే ఒక కంటికి ఐషాడో, ఒక చెంపకి ఫౌండేషన్ వేసి, అద్దంలో చూపించి, అరగంటలో అడ్వాన్స్ అడుగుతారు. దాన్ని ట్రయల్ అనడం కన్నా శాంపిల్ అనాలి. అసలు ట్రయల్లో ముఖమంతా పూర్తిగా వేయాలి, జుట్టు దువ్వి జడ వాటం చూడాలి, ఆ తర్వాత మీరు ఆ ముఖంతోనే ఇంటికి వెళ్ళి కనీసం ఆరు గంటలు ఉండాలి. ఎందుకంటే కొన్ని ఫౌండేషన్లు గాలి తగిలి, చర్మం మీది జిడ్డుతో కలిసి అరగంటలో ఒక షేడు ముదురుతాయి. కుర్చీలో కూర్చున్నప్పుడు బాగున్నది ఇంటికెళ్ళేసరికి ఇటుక రంగుకి తిరుగుతుంది. ముక్కు పక్కన విడిపోవడం, పెదవి కింద పగలడం కూడా మూడో గంటకి గానీ తెలియదు.

ట్రయల్‌కి పెళ్లి చీర అక్కర్లేదు, జాకెట్టు ముక్క, పాపిడి బిళ్ళ, చెంపసరాలు ఉంటే తెండి. మీ ఫోన్‌లో ఫ్లాష్ వేసి ఒక ఫోటో, ఫ్లాష్ లేకుండా కిటికీ వెలుగులో ఒక ఫోటో తీసుకోండి. ఫ్లాష్ ఫోటోలో కళ్ళ కింద బూడిద పూసినట్టు తెల్లగా వస్తే, పైన అద్దిన పౌడర్లో సిలికా ఎక్కువుందనో, అడుగున సన్‌స్క్రీన్ తెల్లగా మెరుస్తోందనో అర్థం. మామూలు కంటికి అది కనబడదు. పెళ్లి ఆల్బమ్‌లో మాత్రం కనబడుతుంది. చర్మం తొందరగా దద్దురెక్కే వాళ్ళయితే ట్రయల్‌కి రెండు రోజుల ముందే వచ్చి చెవి వెనక కొద్దిగా రాయించుకుని వెళ్ళండి.

ఇక్కడ అమ్మలకి ఒక మాట. “కొంచెం తెల్లగా చేయమ్మా” అని నా చెవిలో చెప్పడం మీ ప్రేమే, కాదనను. కానీ ముఖం రెండు షేడ్లు తెల్లబడితే మెడ, చేతులు విడిగా కనిపిస్తాయి. తలంబ్రాల ఫోటోల్లో ముఖం కన్నా చేతులే ముందుంటాయి. అమ్మాయి రంగుకి సరిపడా వేసి, మెరుపు బుగ్గ ఎముక మీద ఇస్తే చాలు. ఇది కూడా ట్రయల్ రోజే, అమ్మ ముందే తేల్చుకుంటాను. మండపంలో దీని మీద వాదన పెట్టుకునే టైం ఉండదు.

ట్రయల్‌లో కుదిరిన షేడ్ల నంబర్లు ఒక కార్డు మీద రాసి, నా దగ్గర ఒకటి, మీ దగ్గర ఒకటి ఉంచుతాం. అయినా పెళ్లి రోజు రంగు మారే కారణం ఒకటుంది, మన పెళ్లిళ్ళలోనే ఉంది. నలుగు పెట్టి, పసుపు రాసి మంగళస్నానం చేయించాక ముఖం పచ్చగా తిరుగుతుంది. ఆ రోజు ట్రయల్ నాటి షేడే వేస్తే ముఖం పాలిపోయినట్టు ఉంటుంది. అందుకే ముఖానికి పసుపు పేరుకి మాత్రం అద్ది, మెడ కింద నుంచి బాగా రాయమని చెప్తాను. పెద్దవాళ్ళు ఒప్పుకోకపోతే పర్వాలేదు, ఒక షేడు ముదురుది, పసుపు ఛాయది వెంట తెచ్చుకుంటాను. అన్నట్టు, సెలూన్ వాళ్ళు మేకప్‌తో కలిపి ఇచ్చే ఫేషియల్, బ్లీచ్, వాక్సింగ్ ప్యాకేజీని మేకప్ రేటులో కలపకుండా విడిగా లెక్కేయించుకోండి. ఎప్పుడూ చేయించుకోని ఫేషియల్‌ని ఉచితం కదా అని పెళ్లికి రెండు రోజుల ముందు చేయించుకోకండి. ముఖం పొక్కితే ఏ ఫౌండేషనూ కాపాడదు.

ఇక గంటల దగ్గరికి వద్దాం. ఈ మధ్య బుక్ చేసుకున్న ఒక పెళ్లి లెక్క అలాగే పెడుతున్నాను. పేర్లు, తేదీ తీసేశాను. మా షాపు రాజమండ్రిలో, పెళ్లి అమలాపురంలో. రావులపాలెం, కొత్తపేట మీదుగా దాదాపు 65 కిలోమీటర్లు. ముహూర్తం రాత్రి 2.17కి. పెళ్లికూతురికి పూలజడ, అమ్మకి, చెల్లికి కూడా మేకప్. ఆ ఇంట్లో జీలకర్ర బెల్లం అయ్యాక మధుపర్కాలు కడతారు.

ఇలాంటి పెళ్లికి మేం టైం వెనక నుంచి లెక్కేస్తాం. 2.17కి ముహూర్తం అంటే పావు తక్కువ ఒంటిగంటకి గౌరీపూజలో కూర్చోవాలి. అంతకు ముందు ఫోటోగ్రాఫర్‌కి అరగంటైనా ఇవ్వాలి, లేకపోతే అతను పూజ మధ్యలో దూరతాడు. కాబట్టి 12 గంటలకి అమ్మాయి పూర్తిగా తయారై ఉండాలి. ముఖానికి గంటా ముప్పావు, జడకి ముప్పావు గంట, చీరకి అరగంట పైన, వడ్డాణం, అరవంకీలు, హారాలు నిలబెట్టి పిన్నులు పెట్టడానికి ఇరవై నిమిషాలు. అంటే 8.30కి కుర్చీలో కూర్చోవాలి. మేం 6 గంటలకి షాపు నుంచి బయలుదేరాలి. ఆ పక్కనే మా అసిస్టెంట్ అమ్మకి, చెల్లికి చేస్తుంది.

12 వేల ప్యాకేజీ వాళ్ళు 9కి వచ్చి 11.30కి వెళ్ళిపోతామని ముందే చెప్పారు. అందులో మోసమేం లేదు, రెండున్నర గంటలకి అది సరైన ధరే. మరి 11.30 తర్వాత ఏం జరుగుతుందో చూడండి. హోమం పొగకి కళ్ళు నీరు కారతాయి, కింది కాటుక కరుగుతుంది. బాసికం దారం నుదుటి మీద రాసుకుని అక్కడ ఫౌండేషన్ లేస్తుంది. జీలకర్ర బెల్లం ముద్ద నడినెత్తి మీద పెట్టాక బెల్లం పాకం పాపిడి వెంట కారుతుంది, హెయిర్‌స్ప్రే కొట్టిన జుట్టుకి బంకలా పట్టేస్తుంది. వెంటనే తడి టిష్యూతో తీయకపోతే పాపిడి బిళ్ళ దానికే అతుక్కుంటుంది. ఆ తర్వాత పావుగంటలో పట్టుచీర విప్పి, నగలు కదలకుండా, జడ చెదరకుండా మధుపర్కం కట్టాలి. బయట పంతులుగారు మైకులో పిలుస్తూనే ఉంటారు. ఇంత చేసి మళ్ళీ కూర్చోబెట్టాక మాంగల్యధారణ, తలంబ్రాలు. మీరు జీవితాంతం గోడకి పెట్టుకునే ఫోటోలు సరిగ్గా ఇక్కడివే. అప్పటికి మేకప్ వేసి నాలుగు గంటలు దాటి ఉంటుంది.

ఇప్పుడు రెండు కొటేషన్లూ పక్కపక్కన పెడదాం. మొదటివాళ్ళది మేకప్ 12 వేలు. పూలజడ అల్లి బిగించడానికి విడిగా 2 వేలు, ట్రయల్ 2 వేలు, కారు 4 వేలు, అమ్మకి, చెల్లికి ఒక్కొక్కరికి 3,500 చొప్పున 7 వేలు. మొత్తం 27 వేలు. మాది పెళ్లికూతురికి 21 వేలు, అందులో జడ, ట్రయల్, రెండో చీర, తలంబ్రాల దాకా ఉండటం అన్నీ ఉన్నాయి. అమ్మకి, చెల్లికి 3 వేల చొప్పున 6 వేలు, కారు 4 వేలు. మొత్తం 31 వేలు. పూలు రెండు చోట్లా మీవే.

9 వేలు అనుకున్న తేడా 4 వేలకి వచ్చింది. ఆ 4 వేలు నేనూ, మా అసిస్టెంటూ పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా మండపంలో ఉన్న మూడు గంటలకి. ఆ మూడు గంటలు మీకు అక్కర్లేకపోతే నాకు ఆ డబ్బు ఇవ్వక్కర్లేదు. ఇప్పటిదాకా మా ప్యాకేజీలో అది కలిసిపోయి ఉండేది, అందుకే బయటికి ఎక్కువగా కనబడేది.

కొత్త కాగితం మీద ఇలా ఉంటుంది. మేకప్, జడ, ఒక చీర, నాలుగు గంటల పని 14 వేలు. పూర్తి ట్రయల్ 2,500. నాలుగు గంటలు దాటాక ఉండే ప్రతి గంటకీ ఇద్దరికీ కలిపి 1,500, చీర మార్చడం, టచప్ అందులోనే. పైన చెప్పిన పెళ్లికి మూడు గంటలు అదనం కాబట్టి 4,500. అన్నీ కూడితే పాత 21 వేలే వస్తుంది, ధర పెంచలేదు. గంట లెక్క మొదలయ్యేది అమ్మాయి కుర్చీలో కూర్చున్నప్పటి నుంచి, మేం వచ్చినప్పటి నుంచి కాదు. బ్యూటీషియన్ కూర్చుని ఉండగా అమ్మాయిని ఇంకా భోజనానికి పిలుస్తుండటం మన పెళ్లిళ్ళలో మామూలే, దానికి మీటరు తిప్పను. కానీ ముహూర్తం మాత్రం మా కోసం ఆగదు కదా, అరగంట కన్నా ఆలస్యంగా కూర్చోబెడితే కళ్ళ పనిలో కొంత తగ్గించాల్సి వస్తుంది. అది ముందే చెప్తున్నాను.

ప్రయాణానికి కారు బిల్లు ఎంతైతే అంతే, మీరే కారు పంపినా సరే. 70 కిలోమీటర్ల లోపు రోడ్డు మీద గడిపే గంటలకి డబ్బు తీసుకోను. అంతకన్నా దూరమైతే ముందు రోజే వచ్చి పడుకోవాలి, కాబట్టి ఇద్దరికి గది మీరు చూడాలి. రాత్రి ముహూర్తం అయ్యాక నిద్రమత్తులో డ్రైవర్‌ని హైవే ఎక్కించడం నాకిష్టం లేదు, తెల్లారేదాకా అక్కడే ఆగుతాం. దానికి ఛార్జీ లేదు, ఒక మూల చాప చాలు.

ఇంతకీ 12 వేల ప్యాకేజీ ఎవరికి సరిపోతుంది? ముహూర్తం పగలు పదిన్నరకి, పెళ్లి ఊళ్ళోనే, మధుపర్కం కట్టడానికి చేయి తిరిగిన పిన్నో అత్తో ఇంట్లో ఉన్నారు, చర్మం మామూలుగా ఉంది అనుకోండి. అప్పుడు మేకప్ వేశాక ముహూర్తానికి రెండు గంటలే గడుస్తుంది, ఏ మంచి సరుకైనా అంతసేపు నిలుస్తుంది. చెల్లి చేతికి కాంపాక్ట్, లిప్‌స్టిక్, నాలుగు టిష్యూలు ఇచ్చి వెళ్తే చాలు. అలాంటి పెళ్లికి మా దగ్గర కూడా 14 వేలే అవుతుంది.

ఎక్కడ మాట్లాడుకున్నా ఒక్క ప్రశ్న మాత్రం తప్పకుండా అడగండి. మా ముఖం మీద బ్రష్ పట్టేది ఎవరు? మంచి ముహూర్తాలన్నీ మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణంలో నాలుగైదు రాత్రుల మీదే పడతాయి. ఆషాఢం, పుష్యం, మూఢం రోజుల్లో షాపు అద్దె కడుతూ కూర్చోవాలి. అందుకని ఒకే రాత్రికి మూడు పెళ్లిళ్ళు ఒప్పుకుని, ఒకదానికి తాము వెళ్ళి మిగతా వాటికి కోర్సు నేర్చుకుంటున్న పిల్లల్ని పంపేవాళ్ళు ఉన్నారు. ట్రయల్ చేసిన చేయి, పెళ్లిలో చేసిన చేయి వేరైతే ఆ ట్రయల్‌కి అర్థం లేదు. మా కాగితం మీద ఎవరు చేస్తారో పేరు ఉంటుంది. నేను రాత్రికి ఒక్క పెళ్లే ఒప్పుకుంటాను. నా రేటు పక్కవాళ్ళంత తగ్గకపోవడానికి అది కూడా ఒక కారణం.

పన్ను గురించి ఇద్దరు ముగ్గురు అడిగారు. బ్యూటీ సేవల మీద జీఎస్‌టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతం కాదు, 5 శాతం. ఎవరైనా ఇంకా 18 శాతం కలిపి బిల్లు చెప్తే జీఎస్‌టీ నంబరుతో ఉన్న బిల్లు అడగండి. ఏడాదికి 20 లక్షల లోపు వ్యాపారమైతే రిజిస్ట్రేషనే అక్కర్లేదు, అలాంటివాళ్ళు కస్టమర్ దగ్గర జీఎస్‌టీ పేరుతో ఏమీ తీసుకోకూడదు. మాది ఆ లోపే, కాబట్టి కాగితం మీద ఉన్నదే మీరిచ్చేది.

కొటేషన్ కావాలంటే “రేటెంత అక్కా” అని కాకుండా ముహూర్తం టైం, మండపం ఉన్న ఊరు, మధుపర్కాలు ఎప్పుడు కడతారో, ఇంట్లో ఎంతమందికి మేకప్ కావాలో రాసి పంపండి. లెక్క అదే రోజు పంపిస్తాను. ట్రయల్స్ మంగళ, బుధవారాల్లో ఉదయం 10 నుంచి చేస్తున్నాం, పెళ్లికి మూడు వారాల ముందు వస్తే మంచిది. ట్రయల్ నచ్చకపోతే 2,500 మాత్రమే తీసుకుంటాం, అడ్వాన్స్ ఏదైనా ఇచ్చి ఉంటే అది తిరిగి ఇచ్చేస్తాం. షేడ్ కార్డు మాత్రం మీతోనే తీసుకెళ్ళండి, ఇంకెవరి దగ్గర చేయించుకున్నా పనికొస్తుంది.